కార్టూన్ చిత్రాల తెలుగు డబ్బింగ్

వేరొక భాషలో తయారైన కార్టూన్ చిత్రంలో బొమ్మను యథాతథంగా ఉంచి, మాటలను, పాటలను తెలుగులో తిరిగి వ్రాసి, తెలుగు గొంతులతో రికార్డు చేసి జతపరచడాన్ని కార్టూన్ తెలుగు డబ్బింగ్ అంటారు. పెద్దల కోసం తీసే అనువాద చిత్రాలకు, దీనికి పద్ధతి ఒకటే అయినా ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పెద్దలు అనువాద చిత్రం చూసేటపుడు అది పరాయి చిత్రమని తెలిసి చూస్తారు. ఐదారేళ్ళ పిల్లలకు ఆ సంగతి పట్టదు. తెరమీద నోబిత అనే పిల్లవాడు తెలుగు మాట్లాడుతుంటే వాడు తెలుగే మాట్లాడతాడనుకుంటారు, వాడి మాటలను మరునాడు బడిలో వాడతారు. అందువలన డబ్బింగ్ రచయిత వ్రాసిన వాక్యం తప్పయినా ఒప్పయినా పిల్లల భాషలోకి నేరుగా చేరుతుంది.

ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా జపాను ధారావాహిక డోరేమాన్‌ను తీసుకోవడమైనది. పిల్లలలో చాలామందికి ఇది పరిచయమైనది కావడం ఒక కారణం. జపాను భాషకు తెలుగుతో కొన్ని ఊహించని పోలికలు ఉండి, అవి డబ్బింగ్‌లో మిగలడమో పోవడమో స్పష్టంగా గమనించడానికి వీలుండడం రెండవ కారణం.

## నేపథ్యం

తెలుగులో డబ్బింగ్ చిత్రాల చరిత్ర 1950లో వచ్చిన ఆహుతితో మొదలవుతుంది. హిందీ చిత్రానికి అనువాదమైన దీనికి మాటలు, పాటలు శ్రీశ్రీ వ్రాశాడు. పెదవుల కదలికకు సరిపోయేటట్లు తెలుగు మాటలు పేర్చే విద్య అప్పటినుండి మద్రాసు స్టూడియోలలో, తరువాత హైదరాబాదులో పెరుగుతూ వచ్చింది. కార్టూన్ల డబ్బింగ్ ఆ విద్యనే వారసత్వంగా పొందినది. కార్టూన్లకు తెలుగు గొంతు విస్తారంగా లభించినది మాత్రం ఉపగ్రహ ఛానళ్ళు ఒకే చిత్రానికి రెండు మూడు భాషల ధ్వనిని జతచేసి పంపడం మొదలుపెట్టిన తరువాతనే. 2009లో సన్ సంస్థ పిల్లల కోసమే ఖుషీ టీవీ అనే తెలుగు ఛానలును ప్రారంభించింది.

డోరేమాన్ కథలను ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన హిరోషి ఫుజిమోతో 1969 చివరి నుండి పిల్లల పత్రికలలో బొమ్మల కథలుగా గీశాడు. టెలివిజన్ ధారావాహికలు 1973, 1979, 2005 సంవత్సరాలలో మొదలయ్యాయి. చదువులో, ఆటలలో వెనుకబడిన నోబిత అనే పిల్లవాడికి సాయం చేయడానికి ఇరవై రెండవ శతాబ్దం నుండి వచ్చిన మరపిల్లి డోరేమాన్. దాని పొట్టమీది సంచిలోనుండి వింత పరికరాలు వస్తుంటాయి. భారతదేశంలో ఇది 2005లో హిందీలో ప్రసారం కావడం మొదలై, తరువాత తెలుగు, తమిళ ధ్వనులను కూడా పొందినది.

## పెదవులు, నిడివి

డబ్బింగ్ రచయితకు ముందుగా అందేవి మూడు: చిత్రం, సమయాలు వేసిన మాటల ప్రతి, మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్ళు మాత్రమే ఉన్న ధ్వని. తలుపు శబ్దం, వర్షం, నేపథ్య సంగీతం ఈ మూడవదానిలోనే ఉంటాయి గనుక తిరిగి చేయనవసరం లేదు. అయితే నవ్వు, ఏడుపు, ఆయాసం, ఆవులింత సాధారణంగా మాటలతోపాటు తొలగిపోతాయి. వాటినన్నిటినీ తెలుగు కళాకారులు మళ్ళీ చేయాలి. పరిగెత్తే పాత్ర రొప్పకుండా నిశ్శబ్దంగా పరిగెడుతుంటే, ఆ ఒక్క రొప్పును రికార్డు చేయడం మరచిపోయారని గ్రహించవచ్చును.

నోటి కదలిక విషయంలో కార్టూన్లన్నీ ఒకటి కాదు. అమెరికాలో తయారయ్యే పెద్ద చిత్రాలలో మొదట నటుల గొంతు రికార్డు చేసి, దానికి తగినట్లు నోటి బొమ్మను గీస్తారు. అక్కడ ప, బ, మ వంటి ఓష్ఠ్యాలు పలికినచోట పెదవులు కలుస్తాయి, 'ఊ' పలికినచోట గుండ్రమవుతాయి. తెలుగులోనూ ఆ చోట్ల ఓష్ఠ్యం పడకపోతే అతుకు కనబడుతుంది. జపాను టెలివిజన్ కార్టూన్లలో ముందు బొమ్మ, తరువాత గొంతు అనే పద్ధతి ఎక్కువ. నోటికి సాధారణంగా మూసినది, సగం తెరచినది, పూర్తిగా తెరచినది అని మూడు బొమ్మలే ఉంటాయి, వాటినే మార్చిమార్చి చూపుతారు. అందువలన డోరేమాన్ వంటి చిత్రంలో ఏ అక్షరం పలికినా చెల్లుతుంది. మాట ఎప్పుడు మొదలైనది, ఎక్కడ ఆగినది, ఎప్పుడు ముగిసినది అనేవి మాత్రం కలవాలి.

ఈ నిడివి వద్దనే తెలుగుకు చిక్కు వస్తుంది. పిల్లలకు స్పష్టంగా వినిపించేటట్లు పలికితే సెకనుకు ఐదారు అక్షరాల కంటె ఎక్కువ పట్టవు. ఇంగ్లీషులో ఒక్క అక్షరంతో తేలిపోయే క్రియకు తెలుగులో కాలం, పురుష, వచనం అన్నీ చేరి నాలుగైదు అక్షరాలవుతాయి. అనుభవం లేని రచయిత వాక్యాన్ని అట్లే ఉంచి, వేగంగా చదవమంటాడు. కొన్ని పాత డబ్బింగ్ కార్టూన్లలో పాత్రలన్నీ ఊపిరాడనట్లు గడగడా మాట్లాడడానికి కారణం కళాకారుల తొందర కాదు, వ్రాతలో తగ్గించవలసినది తగ్గించకపోవడం. తెలుగులో కర్తను తీసివేయవచ్చును, ఎందుకంటే 'వచ్చాను' అనగానే 'నేను' తెలిసిపోతుంది. కాని ఇంగ్లీషు ప్రతిని ఎదుట పెట్టుకున్నవారు ప్రతి వాక్యంలోను 'నేను', 'నువ్వు' వ్రాస్తూ పోతారు.

## "వెళ్ళొస్తా"

నోబిత బడికి బయలుదేరేటపుడు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ "ఇత్తె కిమాసు" అంటాడు. లోపలినుండి తల్లి "ఇత్తెరషై" అంటుంది. జపానులో ఇంటినుండి బయటకు వెళ్ళే ప్రతివారు, ఇంట్లో ఉండే ప్రతివారు ఈ రెండు మాటలు చెప్పుకోవడం ఆనవాయితీ. మొదటిదానికి పదాలు విడదీసి చూస్తే అర్థం 'వెళ్ళి వస్తాను' అని. రెండవదానికి 'వెళ్ళి రా' అని.

తెలుగు ఇండ్లలోను సరిగ్గా ఇదే మాట ఉన్నది. బయటకు వెళ్ళేవారు 'వెళ్తున్నా' అనరాదని, 'వెళ్ళొస్తా' అనాలని పెద్దలు పిల్లలకు నేర్పుతారు. వెళ్ళడమే చెప్పి రావడం చెప్పకపోతే అశుభమని భావన. ఎక్కడో తూర్పున ఉన్న జపాను వారికి, మనకు ఈ మాట ఒకే అచ్చులో ఉండడం డబ్బింగ్ రచయితకు దొరికిన పెన్నిధి. "వెళ్ళొస్తానమ్మా!" అంటే ఐదు అక్షరాలు. జపాను మాట పట్టే కాలంలో హాయిగా ఇమిడిపోతుంది. తల్లి జవాబు "వెళ్ళిరా నాన్నా!" అవుతుంది.

అయితే ఈ మాట తెలుగు రచయిత చేతికి చేరేసరికి ఏమవుతుందో చూడాలి. తెలుగు ప్రతిని చాలాసార్లు జపాను మూలం నుండి కాక, మధ్యలో ఉన్న ఇంగ్లీషు లేదా హిందీ ప్రతి నుండి తయారు చేస్తారు. ఇంగ్లీషులో ఈ ఆనవాయితీ లేదు గనుక అనువాదకుడు అక్కడ 'నేను బయలుదేరుతున్నాను' అనే అర్థం వచ్చే మాట గాని, వీడ్కోలు మాట గాని వ్రాసి ఉంటాడు. దానిని చూసిన తెలుగు రచయిత "నేను వెళ్తున్నాను" అని వ్రాస్తాడు. తల్లి జవాబు "సరే, బై!" అవుతుంది. రెండు చివరలా ఉన్న ఒకే మాట మధ్య వంతెన మీద జారిపోయినది. ఇంట్లో అమ్మమ్మ 'వెళ్తున్నా అనకూడదు' అని దిద్దుతుంటే, టీవీలో నోబిత రోజూ అదే అంటుంటాడు.

తిరిగి వచ్చేటపుడు పలికే మాటలు కూడా ఇటువంటివే. "తదైమా" అంటే 'ఇప్పుడే' అని అర్థం, ఇంటికి చేరానని తెలుపుతుంది. "ఒకఎరి" దానికి జవాబు. తెలుగులో దీనికి స్థిరమైన మాట లేదు గాని, బడినుండి వచ్చిన పిల్లలు సంచి పడవేస్తూ "అమ్మా, వచ్చేశా!" అనడం, తల్లి "వచ్చావా?" అనడం ప్రతి ఇంటా వినబడేదే. "నేను ఇంటికి వచ్చాను" అని ఎనిమిది అక్షరాల వాక్యం ఆ చోట పట్టదు, పట్టినా ఏ పిల్లవాడూ అట్లా అనడు.

భోజనానికి ముందు చేతులు జోడించి పలికే "ఇతదకిమాసు" మాత్రం చిక్కు సమస్య. దానికి దగ్గరి అర్థం 'స్వీకరిస్తున్నాను' అని. తెలుగులో దీనికి సాటి మాట లేదు, చేతులు జోడించడం మాత్రం తెరమీద కనబడుతూనే ఉంటుంది. తెలుగు పిల్లలు దానిని దేవుడికి దండం పెట్టుకోవడంగా గ్రహిస్తారు, అందులో పెద్ద పొరపాటు లేదు. ఆ సన్నివేశంలో "అబ్బ, ఆకలి!" వంటి మాట పెడితే చేసే పనికి, పలికే మాటకు పొత్తు కుదరదు. "తినేస్తున్నానమ్మా" అని మెల్లగా పలికించడం మేలు. మూలానికి సరిపోయే మాట లేనపుడు కనీసం బొమ్మకు విరుద్ధం కాని మాటను వెదకడం ఈ పనిలో తరచు తప్పనిది.

వాక్యక్రమంలోను ఇటువంటి లాభమే ఉన్నది. జపాను, తెలుగు భాషలు రెండింటిలోను క్రియ చివర వస్తుంది. పేరుకు ముందు కాక వెనుక విభక్తి చేరుతుంది. హాస్యం వాక్యాంతంలో పేలేటట్లు రాసిన జపాను వాక్యం తెలుగులోకి అదే వరుసలో వస్తుంది. మధ్యలో ఇంగ్లీషు చేరితే క్రియ ముందుకు జరుగుతుంది, పాత్ర ముఖం మారకముందే అసలు సంగతి బయటపడుతుంది.

## పిలుపులు

జపాను భాషలో పేరు తరువాత చేర్చే చిన్న మాటలలోనే వారి మధ్య చనువు, దూరం తెలుస్తాయి. డోరేమాన్ నోబితను 'నోబిత కున్' అని పిలుస్తుంది. నోబిత తన స్నేహితురాలిని 'షిజుకా చాన్' అంటాడు. ఆ పిల్ల వాడిని మర్యాదగా 'నోబిత సాన్' అంటుంది. బలశాలి జియాన్ మాత్రం ఏమీ చేర్చకుండా ఉత్త పేరుతో పిలుస్తాడు. ఇంగ్లీషు ప్రతిలో ఈ నాలుగు పిలుపుల తీరూ ఒకటే అయిపోతుంది, నాలుగుచోట్లా ఉత్త పేరు మాత్రమే మిగులుతుంది.

తెలుగులో వీటికి మాటకు మాట లేకపోయినా, భేదాన్ని నిలిపే సాధనాలు కావలసినన్ని ఉన్నవి. జియాన్‌కు "ఏరా", "ఒరేయ్", "రారా" సహజంగా అమరుతాయి. షిజుకా నోటిలో ఈ 'రా' ఉండరాదు, ఆ పిల్ల "నోబితా, రావా?" అంటే చాలు. పెద్దలతో మాట్లాడేటపుడు "అండి" చేరాలి. జియాన్ చెల్లెలు వాడిని జపానులో పేరుతో పిలవదు, అన్న అనే అర్థం గల మాటతో పిలుస్తుంది. తెలుగులో "అన్నయ్యా" అనడానికి అడ్డేమీ లేదు. జపాను భార్య భర్తను పేరు పెట్టకుండా "అనతా" అని పిలవడం కద్దు. దానికి "ఏమండీ" కంటె దగ్గరి మాట ఏ భాషలోనైనా ఉంటుందని చెప్పలేము. ఇంగ్లీషు ప్రతిలో అక్కడ 'ప్రియా' అనే అర్థం గల మాట ఉంటుంది. అది చూసి నోబిత తల్లి చేత తండ్రిని "ప్రియతమా" అనిపిస్తే ఇల్లంతా నవ్వుతుంది, నవ్వవలసిన చోట కాకపోయినా.

డోరేమాన్ విషయంలో తెలుగుకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. తెలుగు క్రియ ప్రథమ పురుష ఏకవచనంలో రెండు రకాలు: 'వచ్చాడు', 'వచ్చింది'. రెండవది స్త్రీకి, జంతువుకు, వస్తువుకు ఉమ్మడి. డోరేమాన్ మగ మరపిల్లి. పిల్లి గనుక 'వచ్చింది' అనాలా, మగవాడు, స్నేహితుడు గనుక 'వచ్చాడు' అనాలా? కాకి అన్నది, నక్క చెప్పింది అనడం మన కథలలో అలవాటు. కాని ఇంట్లో మనిషిగా మెలిగే పాత్రను నోబిత 'అది' అంటే వారి స్నేహం తగ్గినట్లు వినిపిస్తుంది. మాటలలో 'వచ్చాడు' అనడమే బాగు. కథకుడి గొంతు మాత్రం 'వచ్చింది' అన్నా ఇబ్బంది లేదు, ఈ వ్యాసంలో వాడినది అదే. తేడా వస్తే రావచ్చును గాని, ఒకే పాత్ర ఒకే భాగంలో రెండూ వాడితే రచయితలు ఇద్దరని తెలిసిపోతుంది. డోరేమాన్‌ను ఎలుకలు తరిమే సన్నివేశంలో ఎలుకలకు 'అవి' అనడం వలన, డోరేమాన్ వాటివంటి జంతువు కాదనే భావం అదనంగా దక్కుతుంది.

## పేర్లు

పాత్రల పేర్ల విషయంలో రెండు మార్గాలు ఉన్నవి. 2014లో డోరేమాన్‌ను అమెరికాలో ప్రసారం చేసినపుడు నోబితను నోబీ, షిజుకాను సూ, జియాన్‌ను బిగ్ జీ, సునియోను స్నీచ్ అని మార్చారు. భారతదేశంలో పేర్లను మార్చలేదు. పిల్లలు పరాయి పేరును పెద్దల కంటె సులువుగా పట్టుకుంటారు గనుక ఇది మంచి నిర్ణయమే. పేరు మార్చి రాము, సీత అని పెడితే, చాపల మీద కూర్చుని పుల్లలతో అన్నం తినే రాము ఎవరనే ప్రశ్న వస్తుంది.

పేరు ఉంచినా తెలుగు చెవి దానిని తనకు తోచినట్లు వింటుంది. జపానులో 'త'తో ముగిసే పేరు మగపిల్లలకు సహజం. తెలుగులో కవిత, సవిత, లలిత వరుసలో నోబిత ఆడపిల్ల పేరుగా వినబడుతుంది. అందువలన వాడి గురించి మొదటి వాక్యంలోనే 'వాడు', 'వచ్చాడు' అనే మాట పడేటట్లు చూడాలి. బొమ్మ తెరమీద లేనపుడు ఇతరులు వాడిని తలచుకునే సన్నివేశాలలో ఇది మరీ అవసరం.

సంబోధనలో మరొక చిన్న సంగతి ఉన్నది. ఆపద వచ్చినపుడల్లా నోబిత ఏడుస్తూ డోరేమాన్‌ను కేకవేస్తాడు, ఆ కేక ధారావాహికకు ముద్రవంటిది. తెలుగులో పిలుపు అంటే చివరి అచ్చును సాగదీయడం: సీతా, రాముడూ. డోరేమాన్ అనే పేరు హల్లుతో ముగుస్తుంది గనుక సాగడానికి చివర చోటు లేదు. 'డోరేమానూ' అంటే అచ్చ తెలుగు అవుతుంది గాని నోరు చివర మూసుకుంటే, గొంతు ఇంకా 'ఊ' అంటూ ఉంటుంది. అందువలన 'మా' వద్దనే సాగదీసి చివర 'న్'ను తేల్చివేయడం సరియైన పద్ధతి.

పరికరాల పేర్లు వేరు సమస్య. తలమీద తగిలించుకుని ఎగిరే పరికరాన్ని భారతీయ ప్రసారాలలో బ్యాంబూ కాప్టర్ అన్నారు. జపానులో ఆ పేరు వెనుక అక్కడి పిల్లలు అరచేతుల మధ్య తిప్పి ఎగరవేసే వెదురు ఆటబొమ్మ ఉన్నది. దాని పేరుకు అర్థం వెదురు తూనీగ. ఇంగ్లీషు మాట పెట్టడంతో ఆ తూనీగ పోయినది. మరొక కథలో, పుస్తకంలోని పేజీ మీద అద్ది తింటే ఆ పేజీ అంతా జ్ఞాపకం ఉండిపోయే రొట్టెముక్క వస్తుంది. జపాను పేరుకు అర్థం కంఠస్థపు రొట్టె. దీనికి తెలుగులో 'బట్టీ రొట్టె' అనే పేరు నోటికి తానై వస్తుంది, ప్రాస కూడా కలుస్తుంది. తెరమీద కనబడేది బ్రెడ్డు ముక్కే గనుక రొట్టె అనడంలో విరోధం లేదు. పరీక్ష కోసం తిన్నదంతా కడుపు చెడి పోవడంతో నోబిత చదివినది మరచిపోతాడు. బట్టీ పట్టిన చదువు గతి అదేనని తెలుగు పిల్లలకు విప్పి చెప్పనక్కరలేదు.

## బొమ్మలో ఉండిపోయేవి

మాటలను మార్చవచ్చును గాని బొమ్మను మార్చడం వ్యయంతో కూడిన పని. అమెరికా ప్రతిలో కొన్నిచోట్ల పుల్లలను ఫోర్కులుగా, యెన్ నోట్లను డాలర్లుగా, సున్నా మార్కులను ఇంగ్లీషు అక్షరంగా తిరిగి గీయించారు. తెలుగు రచయితకు ఆ వీలు లేదు. బొమ్మ చెప్పేదానికి ఎదురు చెప్పకుండా మాటతోనే సర్దుకోవాలి.

పిల్లలు నిజంగా తికమకపడే చోటు ఏదో పెద్దలకు సులభంగా తట్టదు. నోబిత పరీక్ష కాగితం అందుకు ఉదాహరణ. జపాను బడులలో సరియైన జవాబుకు ఉపాధ్యాయుడు గుండ్రంగా సున్న చుడతాడు. తప్పు జవాబుకు మనం సరి అనడానికి వేసే టిక్కు గుర్తు వేస్తాడు. ఎర్ర సిరాతో టిక్కులున్న కాగితం తెరమీద కనబడి, పైన సున్నా మార్కులు ఉంటే తెలుగు పిల్లలకు అది అర్థం కాదు: అన్నీ సరియైతే సున్నా ఎందుకు? ఇక్కడ మాటలు ఉన్నవి ఉన్నట్లు అనువదిస్తే సందేహం తీరదు. కాగితం మాత్రమే తెరనిండా ఉండి ఎవరి ముఖమూ కనబడని క్షణంలో పెదవుల బెడద లేదు. అక్కడ "ఒక్కటీ సరి కాలేదు! మళ్ళీ సున్నా!" అని నోబిత గొంతుతో చేర్చవచ్చును. పాత్ర వీపు తిప్పి ఉన్న క్షణాలు, దూరపు దృశ్యాలు ఇందుకే పనికి వస్తాయి. అనుభవజ్ఞులైన రచయితలు చిత్రం మొదటిసారి చూసేటపుడే వాటిని గుర్తుపెట్టుకుంటారు.

డోరేమాన్‌కు ప్రాణమైన తీపి వంటకం దొరయాకి. రెండు గుండ్రటి మెత్తని రొట్టెల మధ్య తీపి చిక్కుడుగింజల ముద్ద పెట్టి చేస్తారు. ఆ ముద్ద రుచికి మన పూర్ణానికి దూరం కాదు. దానిని బొబ్బట్టు అంటే ఎట్లా ఉంటుందని అనిపించవచ్చును. కాని బొబ్బట్టు పలుచగా ఉంటుంది, తెరమీది వస్తువు లావుగా ఉబ్బి ఉన్నది, దానిని డోరేమాన్ ఒక్క గుటకలో మింగుతుంది. నెయ్యి కారే బొబ్బట్టు తిన్న పిల్లలు వెంటనే అబద్ధమని పట్టేస్తారు. భారతీయ ప్రసారాలలో పెట్టిన 'డోరా కేక్' అనే పేరు కల్పితమే అయినా బొమ్మతో తగాదా పడదు, పాత్ర పేరును కూడా తలపిస్తుంది.

దీనికి విరుద్ధమైన సందర్భం కూడా ఉన్నది. మార్చి 3న జపానులో ఆడపిల్లలున్న ఇండ్లలో ఎర్రని బట్ట పరచిన మెట్లమీద రాజు, రాణి, పరివారం బొమ్మలను నిలుపుతారు. అటువంటి దృశ్యం కార్టూన్‌లో వస్తే "బొమ్మల కొలువు" అనే మాట ఏ వివరణా లేకుండా సరిపోతుంది, ఎందుకంటే మెట్లు, బొమ్మలు, ఆడపిల్లలు మూడూ తెరమీద ఉన్నవి. అంతటితో ఆగాలి. ఉత్సాహం కొద్దీ సంక్రాంతి అనో దసరా అనో చేరిస్తే కిటికీ బయట పీచ్ పూలు కాదంటాయి.

## పాటలు

పాటలో రచయితకు ఉన్న కట్టు మాటలలో కంటె గట్టిది. బాణీ మారదు, వాద్యాలు ముందే రికార్డయి ఉంటాయి. ఇంగ్లీషులో అక్షరాన్ని ఒత్తి పలకడం మీద లయ నడుస్తుంది. తెలుగులో ఆ ఒత్తు లేదు, దానికి బదులు గురువు, లఘువు ఉన్నవి. బాణీలో సాగే స్వరం మీద లఘువు పడితే 'పడవ' కాస్తా 'పాడవా' అయి అర్థమే మారిపోతుంది. పిల్లల పాటలో ఇది ముఖ్యం, ఎందుకంటే వారు మాటను వ్రాతలో చూడరు, విన్నది విన్నట్లు నేర్చుకుంటారు.

ఒక ఊహాపంక్తిని తీసుకుని చూద్దాము. పిల్లలు మేఘాల పైనున్న దేశానికి ఎగిరిపోతూ స్నేహితులను రమ్మని పిలుస్తారు. బాణీ నడక ఇది: పొట్టి, పొట్టి, పొడుగు, మళ్ళీ పొట్టి, పొట్టి, పొడుగు, తరువాత మూడు పొడుగులు. మొత్తం తొమ్మిది స్వరాలు, చివరిది బాగా సాగుతుంది. అప్పుడు తెరమీద పాత్ర నోరు పెద్దగా తెరచి ఉంటుంది.

మాటకు మాట చెబితే "మేఘాల ఆవలి దేశానికి వెళదాం" అవుతుంది. పదమూడు అక్షరాలు, పట్టవు. కుదించి "మబ్బుల దేశం పోదాం" అంటే ఏడే అవుతాయి, చాలవు. పైగా 'మబ్' గురువు, బాణీ మొదటి స్వరం పొట్టిది. చివరి 'దాం'లో సున్న వలన పెదవులు మూసుకోవాలి, తెరమీద నోరు తెరచి ఉన్నది. ఈ మూడు దోషాలు విడిచి వ్రాస్తే "ఎగిరే పడవై పోదాం రా" వస్తుంది. 'ఎగిరే', 'పడవై' రెండూ లఘువు, లఘువు, గురువు. 'పో', 'దాం', 'రా' మూడు గురువులు. చివర 'రా' వద్ద నోరు తెరచుకునే ఉంటుంది. మేఘం మాట పోయినది గాని మేఘం తెరనిండా కనబడుతూనే ఉన్నది.

రెండవ పంక్తికి "జగమే చిగురై నవ్వేరా" అని వ్రాసుకున్నామనుకుందాము. గణాలు కలిశాయి. ఎగిరే, జగమే అని రెండవ అక్షరం 'గ' ప్రాస కూడా పడినది. ఇంగ్లీషు పాటలో ప్రాస పంక్తి చివర ఉంటుంది. తెలుగు చెవికి మొదట్లో రెండవ అక్షరం కలిసినా తృప్తిగా ఉంటుంది, ఆ స్వేచ్ఛ రచయితకు కలిసివస్తుంది. కాని ఇందులో ఒక తప్పు దాగి ఉన్నది. మొదటి పంక్తిలోని 'రా' రమ్మనే క్రియ, ఎవరినైనా అనవచ్చును. రెండవ పంక్తిలోని 'రా' మగపిల్లవాడిని పిలిచే సంబోధన. తెరమీద ఆ క్షణంలో పక్కన ఎగురుతున్నది షిజుకా అయితే పాట వాడినెవరినో పిలుస్తున్నట్లవుతుంది. కాగితం మీద కనబడని ఈ తప్పు బొమ్మతో కలిపి చూస్తేనే బయటపడుతుంది. "జగమే చిగురై నవ్వంగా" అని మార్చితే గణాలు చెడవు, నోరు తెరచే ఉంటుంది, ఎవరినీ తప్పుగా పిలిచినట్లు కాదు.

## గొంతులు

పిల్లల పాత్రలకు పెద్ద వయసు స్త్రీలు గొంతు ఇవ్వడం ఎక్కువ. జపానులో డోరేమాన్‌కు 1979 నుండి 2005 వరకు నొబుయో ఒయామా అనే నటి, ఆ తరువాత వసబి మిజుతా అనే నటి గొంతునిచ్చారు. నోబిత గొంతు కూడా స్త్రీలదే. మగపిల్లవాడి చేత చెప్పిస్తే రెండు మూడేళ్ళలో గొంతు మారిపోతుంది, ధారావాహిక ఏండ్ల తరబడి సాగుతుంది. సినిమాలకు ఆ బెంగ లేదు. 2019లో వచ్చిన ఫ్రోజెన్ 2 తెలుగు ప్రతిలో చిన్న ఎల్సాకు మహేశ్ బాబు కుమార్తె సితార, పెద్ద ఎల్సాకు నిత్యా మేనన్ గొంతునిచ్చారు. అదే సంవత్సరం వచ్చిన ది లయన్ కింగ్ తెలుగు ప్రతిలో పుంబా, టిమోన్ అనే జంటకు బ్రహ్మానందం, అలీ చెప్పారు. ఒక్క మాట మార్చకపోయినా ఆ గొంతులతోనే ఆఫ్రికా అడవిపంది తెలుగు సినిమాలోకి వచ్చివేసింది. అయితే ఇది పెద్దలకు నవ్వు తెప్పించే ఉపాయం. ఆ నటుల చిత్రాలు చూసి ఎరుగని చిన్నపిల్లలు పుంబాను పుంబాగానే వింటారు, వారికి మాట స్పష్టంగా ఉన్నదా లేదా అన్నదే లెక్క.

రికార్డింగులో కళాకారులు సాధారణంగా విడివిడిగా వచ్చి తమ పాత్ర మాటలు మాత్రమే చెప్పి వెళతారు. ప్రశ్న సోమవారం, జవాబు బుధవారం పలకడం జరుగుతుంది. జియాన్ "ఏరా" అని గద్దించిన స్థాయి తెలియకుండా నోబిత భయపడవలసి వస్తుంది. ముందుగా చెప్పినవారి గొంతును చెవిలో వినిపిస్తూ రెండవవారి చేత చెప్పిస్తే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది. నోబిత వెళ్ళొస్తానన్న తరువాత తల్లి "వెళ్ళిరా" అనేది వంటింటి లోపలినుండి, గుమ్మం దాకా వినబడేటట్లు. ఆ దూరం ఆమె గొంతులో లేకపోతే మాట సరిగ్గా ఉన్నా, పక్కనే నిలబడి చెప్పినట్లు వినబడుతుంది.